పాప గీసిన డ్రాగన్‌ను ఫోటోలో నిలబెట్టడం: అపోహలు - వాస్తవాలు

చెన్నై వడపళనిలోని మా స్టూడియోకు వచ్చేది ఎక్కువగా పెళ్లి ఆల్బమ్‌ల పనే. అయినా అప్పుడప్పుడు పిల్లలు వేసిన బొమ్మను కుటుంబ ఫోటోలో కలిపిపెట్టమని అడిగేవారు కూడా వస్తుంటారు. అలాంటి పనుల్లో ఒకదాన్ని ఆధారం చేసుకుని, ఈ పని గురించి నాకు తరచుగా వినిపించే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అంబత్తూరు నుంచి ఒక తెలుగు కుటుంబంలోని తల్లి ఒక ఉదయం కూరల సంచిలో డ్రాయింగ్ పుస్తకం పెట్టుకుని వచ్చారు. పాపకు ఆ వారం ఆరేళ్లు నిండుతాయి. సంక్రాంతి సెలవుల్లో అందరూ మహాబలిపురం వెళ్లి, కృష్ణుని వెన్నముద్ద అని పిలిచే పెద్ద బండ దగ్గర ఫోటో తీయించుకున్నారు. ఆ బండ వెనుక తన డ్రాగన్ దాక్కుని ఉందని పాప దారి పొడుగునా చెప్పిందట. "అన్నా, ఆ డ్రాగన్‌ను ఈ ఫోటోలో పెట్టి ఇస్తారా? బడి వదిలేలోపు పుస్తకం మాత్రం మళ్లీ దాని చోట ఉండాలి, లేకపోతే దొరికిపోతాను" అన్నారు.

అపోహ: ఫోటో వాట్సాప్‌లో ఉంది కదా, అది చాలు.

మామూలుగా పంపిన ఫోటో పొడుగువైపు సుమారు 1600 పిక్సెల్స్‌కు కుదించబడుతుంది. దాన్ని 12 అంగుళాల వెడల్పున ముద్రిస్తే అంగుళానికి 133 పిక్సెల్స్ మాత్రమే దక్కుతాయి, ముఖాలు మెత్తబడతాయి. ఫోటో తీసిన పాప బాబాయి ఫోన్‌లో ఉన్న అసలు ఫోటోను డాక్యుమెంట్‌గా పంపించమన్నాను. అది 4000 × 3000 పిక్సెల్స్ వచ్చింది. బొమ్మను కూడా ఫోన్‌తో ఫోటో తీయకుండా స్కానర్ మీదే పెట్టాను, ఎందుకంటే క్రేయాన్ మైనం మీద వెలుగు పడి మెరిసిన చోట రంగు మాయమవుతుంది, ఆ రంగును తర్వాత ఎవరూ తిరిగి తేలేరు.

అపోహ: ఫోటోలో కలవాలంటే డ్రాగన్‌ను నిజమైన డ్రాగన్‌లా మార్చాలి.

పాప తండ్రి ఫోన్‌లో అడిగింది ఇదే: "సినిమాల్లో చూపించినట్టు పొలుసులు పెట్టండి సార్." నేను వద్దన్నాను. కారణం అభిరుచి ఒక్కటే కాదు. పొలుసులు, కండలు పెట్టిన వెంటనే అది పాప బొమ్మ కాకుండా పోతుంది, చూసిన పాప దాన్ని గుర్తుపట్టదు. మార్చవలసింది బొమ్మ చుట్టూ ఉన్న వెలుగును, నేలను, నీడను మాత్రమే. క్రేయాన్ గీతలు, గీత దాటి బయటికి పోయిన రంగు, వంకర కోరలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి.

ఆ డ్రాగన్ ఆకుపచ్చది. పొట్ట పసుపు. పొట్ట మధ్యలో గొళ్లెంతో సహా ఒక గోధుమరంగు తలుపు ఉంది. నాలుగు కాళ్లలో వెనుక రెండూ పొట్టివి. నా మొదటి ప్రయత్నంలో, దాక్కుందని చెప్పారు కదా అని, ఒళ్లంతా బండ వెనుక పెట్టి తలను ఒకవైపు, తోకను మరోవైపు చూపించాను. చూడటానికి చక్కగానే ఉంది. తల్లి మాత్రం ఒక్క చూపులో పట్టేశారు: "తలుపు కనబడకపోతే పాప ఒప్పుకోదన్నా, రాత్రి అందరూ పడుకునేది అందులోనే." అందువల్ల డ్రాగన్ బండకు ఎడమపక్కకు వచ్చింది, తోక మాత్రమే బండ వెనుకకు వెళ్లింది.

పొట్టి కాళ్లను సాగదీసి సరిచేయవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ అవసరం రాలేదు. ఆ బండ నిలిచిన రాతినేల ఏటవాలుగా ఉంటుంది, మన ఫోటోలో కుడివైపు ఎత్తు. వెనుక కాళ్లు ఆ ఎత్తువైపు వచ్చేలా పెట్టేసరికి, కాస్త తిప్పడంతోనే నాలుగు పాదాలూ రాతికి ఆనాయి.

ఎంత పెద్దదిగా పెట్టాలన్నది కూడా పాపే చెప్పింది. బొమ్మ పక్కన తనను గీసుకుంది, డ్రాగన్ ఆ పాప ఎత్తుకు నాలుగింతలు ఉంది. ఫోటోలో పాప 400 పిక్సెల్స్ ఎత్తు కనబడుతోంది కాబట్టి డ్రాగన్ 1600 ఉండాలనిపిస్తుంది. కానీ బండను నెడుతున్నట్టు భ్రమ కలగడానికి వీళ్లు బండకు దూరంగా నిలబడ్డారు: కెమెరా నుంచి పాప దాదాపు 8 మీటర్లలో ఉంటే, బండ దాదాపు 16 మీటర్లలో ఉంది. దూరం రెండింతలైతే కనబడే ఎత్తు సగమవుతుంది. కాబట్టి బండ పక్కన డ్రాగన్‌కు 800 పిక్సెల్స్ సరైన ఎత్తు. అప్పుడది సుమారు 14 అడుగుల జంతువు, బండ కంటే పొట్టి. దాక్కోవడానికి వీలైన కొలతే.

అపోహ: తెల్ల కాగితం ఒక్క నొక్కుతో పోతుంది.

ఇక్కడ రెండు దగ్గరిదారులు ఉన్నాయి, రెండూ గోతిలోకే. మొదటిది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫోటో మీద పొరలా పరిచిన బొమ్మను, అంటే బొమ్మ లేయర్‌ను, కింది ఫోటోతో Multiply చేయడం. అందులో 0 నుంచి 255 వరకు ఉండే రెండు రంగుల విలువలను గుణించి 255తో భాగిస్తారు. కాగితం పూర్తి తెలుపైతే, అంటే 255 అయితే, కింది రాయి మారకుండా కనబడుతుంది, నిజమే. కానీ రంగు ఉన్న చోట రాయి రంగు కూడా కలుస్తుంది. పాప వేసిన పసుపు పొట్టలో ఎరుపు 250, ఆకుపచ్చ 215, నీలం 60. రాతిలో 150, 120, 95 అనుకుంటే, గుణించాక మిగిలేది 147, 101, 22. అది పసుపు కాదు, మాడిన బెల్లం రంగు. పైగా డ్రాగన్ ఒంటిలోంచి రాతి పగుళ్లు కనబడతాయి. స్కాన్ చేసిన కాగితం 255 కాక ఏ 240 దగ్గరో ఉంటే, బొమ్మ చుట్టూ మసక చతురస్రం ఒకటి అదనంగా మిగులుతుంది.

రెండోది, తెలుపునంతా ఎంచుకుని తుడిచేయడం. పిల్లలు కళ్లకు, పళ్లకు రంగు వేయరు, కాగితాన్నే వదిలేస్తారు. తెలుపునంతా తుడిచినప్పుడు కళ్లు, కోరలు రంధ్రాలై వాటిలోంచి బండ తొంగిచూస్తుంది. క్రేయాన్ గరుకుదనం వల్ల రంగు మధ్యలో మిగిలిన చిన్న తెల్ల చుక్కలు కూడా చిల్లులవుతాయి. అసలు ఆ చుక్కల వల్లే అది క్రేయాన్ అని తెలుస్తుంది.

కాబట్టి నేను బయటి గీత వెంట చేత్తోనే మాస్క్, అంటే బొమ్మలో ఏ భాగం కనబడాలో చెప్పే హద్దు, గీస్తాను. గీత తెగిన చోట ఊహించి కలుపుతాను. లోపలి కాగితాన్ని అలాగే ఉంచుతాను. అయితే ఆ తెలుపు ఫోటోలోని ఏ తెలుపు కంటే కాంతివంతంగా ఉండకూడదు. తండ్రి వేసుకున్న తెల్ల చొక్కాపై ఎండ పడిన చోటును కొలతగా తీసుకుని, కోరల తెలుపును దానికంటే కాస్త తగ్గించాను. ఈ పనికి గంటన్నర పట్టింది. పుస్తకం మధ్యాహ్నం లోపే ఇల్లు చేరింది.

అపోహ: నీడకు Drop Shadow చాలు.

పిల్లల బొమ్మ కలిపిన ఫోటోల్లో నేను చూసే తప్పుల్లో చాలావరకు ఇదే. Drop Shadow అనేది వెనుక ఒక గోడ ఉందనుకుని, ఆ గోడ మీద నీడ వేస్తుంది. అది పెట్టగానే డ్రాగన్ రాతి మీద నిలబడటం మానేసి ఫోటో మీద అంటించిన స్టిక్కర్ అవుతుంది. నిలబడిన వస్తువు నీడ పాదం దగ్గర మొదలై నేల మీద పరుచుకోవాలి.

నీడ ఎటు, ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఫోటోలోనే ఉంది. సూర్యుడు బాబాయి వెనుక, ఎడమవైపున ఉన్నాడు, అందరి నీడలూ వెనుకకు కుడివైపుగా పడ్డాయి. పాప నీడ పాప ఎత్తుకు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. మూడున్నర ప్రాంతంలో తీశామని వాళ్లు చెప్పారు, జనవరిలో మహాబలిపురంలో ఆ వేళకు అది సరిపోతుంది. డ్రాగన్ ఆకారాన్నే నలుపు చేసి, నేల మీదికి వంచి, అదే దిక్కున అదే నిష్పత్తిలో సాగదీశాను. సూర్యుడు కెమెరా వెనుక ఉన్నందువల్లే ఈ ఉపాయం చెల్లింది. పక్కనుంచి ఎండ వచ్చి ఉంటే, మనకు పక్కవాటుగా కనబడే డ్రాగన్ సూర్యుడికి ఎదురుగా కనబడుతుంది కాబట్టి, నీడకు వేరే ఆకారం గీయవలసి వచ్చేది. వీపు నీడలో కొంత బండ పక్కకు తగిలింది. ఆ ముక్కను కోసి, రాతి వంపు వెంట పైకి ఎక్కించాను.

నీడ రంగు నలుపు కాదు. ఎండలో ఉన్న రాతిని, పాప నీడలో ఉన్న అదే రాతిని కొలిచి చూశాను. ఎండ నుంచి నీడకు వచ్చేసరికి ఎరుపు సగానికి తగ్గింది, ఆకుపచ్చ 55 శాతం మిగిలింది, నీలం 65 శాతం మిగిలింది. సూర్యుడు కనబడని చోట కూడా ఆకాశం వెలుగు పడుతుంది కాబట్టి నీలం తక్కువగా పడిపోతుంది. ఆ నిష్పత్తులనే రంగుగా మార్చి, 128, 140, 166తో నీడ లేయర్‌ను నింపి Multiply పెట్టాను. బొమ్మకు పనికిరాని ఆ పద్ధతి నీడకు సరిగ్గా పనికొస్తుంది, ఎందుకంటే నీడలోంచి రాతి పగుళ్లు కనబడటమే మనకు కావాలి.

అంచు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. నీడనంతటినీ ఒకేలా మసక చేయకూడదు. సూర్యుడు చుక్క కాదు, దాదాపు అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల వస్తువుకూ నీడకూ మధ్య దూరం పెరిగేకొద్దీ అంచు మెత్తబడుతుంది. పాదం దగ్గర అంచు పదునుగా ఉండాలి. 14 అడుగుల ఎత్తున్న తల నీడకు వచ్చేసరికి ఆ మెత్తదనం సుమారు 7 సెంటీమీటర్లు, మన ఫోటోలో 13 పిక్సెల్స్ దాకా ఉంటుంది. ఇది కాక, ప్రతి గోరు కింద రాతికి ఆనే చోట సన్నని, బాగా ముదురైన చీకటి గీత ఒకటి చేత్తో వేశాను. ఈ గీతను ఆపి చూడండి, డ్రాగన్ వెంటనే గాల్లోకి లేస్తుంది.

ఒంటి మీద ఎండ లేని వైపున అదే నీడ రంగును పావు వంతు బలంతో పూశాను. అంతకు మించి పూస్తే కాగితం మీది బొమ్మ రబ్బరు బొమ్మ అవుతుంది.

అపోహ: అంచు ఎంత పదునుగా కోస్తే అంత నైపుణ్యం.

ఫోన్ ఫోటోలో ఏ అంచూ కత్తితో కోసినట్టు ఉండదు. మాస్క్ అంచును ఒక పిక్సెల్ మెత్తబరిచి, ఫోటోలో రాతి మీద కనబడేంత సన్నని చుక్కల గరుకుదనాన్ని బొమ్మ మీద కూడా చల్లితే చాలు.

12 × 8 అంగుళాల ముద్రణకు ఫోటో పైన, కింద కొంత కోత పడుతుంది కాబట్టి, ముద్రణకు పంపే ముందు కొమ్ములు భద్రంగా ఉన్నాయో లేదో మరోసారి చూసుకుని, ఫ్రేము కట్టించి ఇచ్చాను.

పుట్టినరోజు మర్నాడు తల్లి ఫోన్ చేశారు. పాప ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని ముందు తలుపు, గొళ్లెం చూసుకుందట, తర్వాత కాళ్లు లెక్కపెట్టిందట. డ్రాగన్ అక్కడికి ఎలా వచ్చిందని అడగనేలేదట. తోక చివర కట్టిన ఎర్ర రిబ్బన్ ఏదని మాత్రం అడిగింది. బండ వెనుక ఉందని చెబితే, అటువైపు నుంచి తీసిన ఫోటో కోసం బాబాయి ఫోనంతా వెతికించింది. ఒకటి దొరికింది. ఇప్పుడు అది నా దగ్గరికి వచ్చింది. అందులో సూర్యుడు ఎదురుగా ఉన్నాడు కాబట్టి తోక నీడ ఈసారి కెమెరా వైపుకు రావాలి, రిబ్బన్ మాత్రం వెనుక నుంచి ఎండ తగిలి వెలగాలి.