అద్దె కంటే ముందు వచ్చే లేఖ: పాన్, డిక్లరేషన్ అడగడం వెనుక కథ

గుంటూరులో 67 ఏళ్ల పెద్దాయన ఒకరు తమ ఇంటి కింది అంతస్తును నెలకు 60,000 రూపాయల అద్దెకు ఒక కంపెనీకి ఇచ్చారనుకుందాం. అగ్రిమెంటు రాసుకుని, తాళాలు అప్పగించిన తరువాత, మొదటి అద్దె రావలసిన రోజున డబ్బుకు బదులు అకౌంట్స్ విభాగం నుంచి లేఖ వస్తుంది: పాన్ కార్డు నకలు, సంతకం చేసిన డిక్లరేషన్ పంపితే తప్ప టీడీఎస్, అంటే అద్దెలోంచి ముందుగానే కోసే పన్ను, మినహాయించి అద్దె చెల్లించడం సాధ్యపడదని. పెద్దాయనకు ఇది అనుమానంగా కనిపించడం సహజమే. నిజానికి ఆ లేఖలోని కోరికలన్నీ ఒకే చట్టం నుంచి ఒకేసారి పుట్టినవి కావు.

అద్దె చెల్లించేవారే పన్ను కోసి ప్రభుత్వానికి జమ చేయాలన్న నిబంధన, అంటే ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 194-ఐ, 1994 జూన్ 1న అమలులోకి వచ్చింది. అప్పట్లో ఏడాదికి 1,20,000 రూపాయలు దాటిన అద్దెకే అది వర్తించేది. ఆ పరిమితి 2010లో 1,80,000కు, 2019లో 2,40,000కు పెరిగి, 2025 ఏప్రిల్ నుంచి నెలకు 50,000గా మారింది. భవనాల అద్దెపై కోత ఇప్పుడు 10 శాతం, కాబట్టి పెద్దాయన అద్దెలో నెలకు 6,000 రూపాయలు కోయవలసి ఉంటుంది. కోయకపోతే ఆ పన్ను, దానిపై వడ్డీ కంపెనీ నెత్తిన పడడమే కాక, అద్దె ఖర్చులో 30 శాతాన్ని లెక్కల్లో ఒప్పుకోరు. అకౌంట్స్ వారి పట్టుదలకు అసలు కారణం ఈ భయమే.

పాన్ అడగడం 2010 ఏప్రిల్ నుంచి గట్టిపడింది. ఆనాటి నుంచి అమలైన సెక్షన్ 206ఎఎ ప్రకారం, పాన్ ఇవ్వని యజమాని విషయంలో 10 శాతానికి బదులు 20 శాతం కోయాలి. అంటే 6,000కు బదులు 12,000. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది: పాన్ లేకుండా కోసిన పన్ను ప్రభుత్వానికి చేరుతుంది కానీ ఎవరి పేరున ఎంత పన్ను జమైందో చూపే ఫారం 26ఎఎస్‌లో యజమాని పేరున కనబడదు. 2023 జూలై నుంచి, మినహాయింపు ఉన్నవారు తప్ప, ఆధార్‌తో జతచేయని పాన్ పనిచేయనిదిగా మారడంతో, నకలు పంపినా 20 శాతం కోత పడే పరిస్థితి కూడా వచ్చింది.

డిక్లరేషన్ కథ ఇంకొంచెం చిక్కు, ఎందుకంటే ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు పత్రాలు నడుస్తున్నాయి. మొదటిది, తాను భారతదేశంలో నివాసినని యజమాని చెప్పేది. ఇల్లు అమెరికాలో స్థిరపడిన కొడుకు పేరున ఉంటే 194-ఐ వర్తించదు. సెక్షన్ 195 కింద, కనీస పరిమితి ఏదీ లేకుండా, సాధారణంగా సెస్సుతో కలిపి 31.2 శాతం కోయాలి. రెండవది, గత రిటర్నులు దాఖలు చేశానని చెప్పేది. రిటర్నులు వేయనివారికి ఎక్కువ కోత విధిస్తూ 2021 జూలైలో వచ్చిన సెక్షన్ 206ఎబి కోసం దీన్ని అడిగేవారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ సెక్షనే లేదు. అయినా పాత నమూనా లేఖలో ఆ పేరా అలాగే మిగిలి ఉంటే, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో యజమాని నిస్సంకోచంగా అడగవచ్చు.

మూడవది ఫారం 15జి లేదా 15హెచ్. తనకు పన్ను పడదు కాబట్టి కోయవద్దని చెప్పే ఈ పత్రాలను అద్దెకు 2016 జూన్ నుంచే అనుమతించారు. ఇది యజమానికి మేలు చేసేదే తప్ప తప్పనిసరిగా ఇవ్వవలసింది కాదు, పైగా పాన్ లేకుండా చెల్లదు. 2025-26 సంవత్సరానికి మన పెద్దాయన లెక్క చూద్దాం. ఏడాది అద్దె 7,20,000. అందులో చట్టం అనుమతించే 30 శాతం మినహాయిస్తే ఆదాయం 5,04,000. వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో రిబేటు పోను పన్ను సున్నా. అరవై దాటినవారు కాబట్టి ఆయన 15హెచ్ ఇచ్చి పూర్తి 60,000 తీసుకోవచ్చు. అదే ఇల్లు 45 ఏళ్ల కూతురి పేరున ఉంటే, పన్ను సున్నాయే అయినా 15జి ఇవ్వడానికి వీలులేదు, ఎందుకంటే అందిన అద్దె మొత్తం నాలుగు లక్షల కనీస మినహాయింపును దాటకూడదన్న షరతు 15జికి ఉంది. ఆమె ముందుగానే ఫారం 13తో ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత ధ్రువపత్రం తెచ్చుకోవాలి, లేదా ఏడాదికి 72,000 కోత పడనిచ్చి, రిటర్ను వేసి తిరిగి తీసుకోవాలి. చాలా ఇళ్లలో ఈ తేడా తెలియక 15జి మీద సంతకం చేసి ఇచ్చేస్తున్నారు. తప్పుడు డిక్లరేషన్ శిక్షార్హమైన నేరం.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది కనుక లేఖల్లో సెక్షన్ల, ఫారాల సంఖ్యలు మారతాయి; పైన చెప్పినవన్నీ పాత చట్టం నాటి సంఖ్యలు. అయితే పాత చట్టం చూసినా, పాన్ ఇవ్వకపోతే ఎక్కువ కోయమనే చెప్పింది తప్ప అద్దెనే ఆపమనలేదు. అగ్రిమెంటులో అలాంటి షరతు లేకుండా నెలల తరబడి అద్దె నిలిపివేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. యజమాని కూడా పాన్ నకలును రాతపూర్వకంగా పంపి, అందినట్టు సంతకం తీసుకోవాలి. 15హెచ్ ఇవ్వకపోతే ఏప్రిల్ నుంచి జూన్ వరకు కోసిన పన్నుకు కంపెనీ జూలై 31లోగా త్రైమాసిక రిటర్ను వేయాలి. ఆ తరువాత 26ఎఎస్ తెరిచి 18,000 రూపాయలు తన పేరున కనబడకపోతే, పాన్‌లో ఒక అక్షరం తప్పుపడిందేమో చూడమని కంపెనీకి వెంటనే రాయాలి.