ప్రసంగం చివరి రెండు వాక్యాలు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీలో ఒకరు నీటి వృథా గురించి రాసుకున్న అయిదు నిమిషాల ప్రసంగాన్ని మొన్న నాకు చదివి వినిపించారు. కారుతున్న కుళాయి కింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెడితే గంటలో నిండిందని, ఆ లెక్కన రోజుకు 24 గ్లాసులు, అంటే దాదాపు అయిదు లీటర్లు పోతున్నాయని స్వయంగా కొలిచి చెప్పిన భాగం ఎంతో బాగుంది. అయితే ముగింపు ఇలా ఉంది: "కాబట్టి మనమందరం నీటిని పొదుపు చేయాలి. ఈ అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు." అంతవరకు కళ్ళ ముందున్న గ్లాసు ఆ రెండు వాక్యాలలో మాయమైపోయింది. ఈ ఉత్తరం ఆ ముగింపు గురించే.

"పొదుపు చేయాలి" అన్న మాటను ఒకసారి పరిశీలించండి. ఎవరు చేయాలో, ఎప్పుడు చేయాలో, దేనితో మొదలుపెట్టాలో అందులో లేదు. "చేయాలి" అన్నది అందరికీ వర్తిస్తుంది కనుక ఎవరినీ తాకదు. "చేద్దాం" అన్నా వినేవారు ఆ పనిని పక్కవారితో పంచుకుని ఊరుకుంటారు. "చేయండి" అన్నప్పుడే ఎదుట కూర్చున్న మనిషి తననే అడుగుతున్నారని గ్రహిస్తాడు. ఆ క్రియతో పాటు ఒక సమయం, ఒక వస్తువు, ఆ పని జరిగిందో లేదో తెలిసే గుర్తు కూడా ఉండాలి. అందుకే ఆ ముగింపును మేమిద్దరం కలిసి ఇలా మార్చాము: "ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో ప్రతి కుళాయినీ కట్టేసి, దాని కింద ఒక ఖాళీ గ్లాసు పెట్టండి. పొద్దున ఏ గ్లాసులో నీళ్ళున్నాయో, ఆ కుళాయి వాషరు మార్చమని ఇంట్లో పెద్దలను అడగండి." పైపులు, ట్యాంకులు, స్నానాల గదులు అంటూ మరో నాలుగు పనులు చేర్చాలని తనకు ఉండింది, నేను వద్దన్నాను. నాలుగు అడిగితే వినేవారు ఏది ముందో తేల్చుకోలేక అన్నింటినీ వదిలేస్తారు.

ఆ తరువాత గుర్తుండిపోయే వాక్యం కావాలి. దానిని బయటి నుంచి, ఏదో సూక్తుల పుస్తకం నుంచి తెచ్చి అతికించకండి. ప్రసంగంలో అప్పటికే శ్రోతలు చూసిన వస్తువులోంచే అది పుట్టాలి. మన దగ్గర గ్లాసు ఉంది కదా! చివర ఆ నిండు గ్లాసును చేతిలోకి తీసుకుని "మనం కట్టేశామనుకున్న కుళాయి కిందే ఈ గ్లాసు నిండింది" అంటే చాలునని నిర్ణయించుకున్నాము. ఏడు మాటల వాక్యం కనుక ఒక ఊపిరిలో చెప్పవచ్చు, విన్నవారు ఇంటికి వెళ్ళి తప్పు లేకుండా మరొకరికి చెప్పవచ్చు. అయితే గ్లాసు ప్రసంగం మొదట్లోనే బల్ల మీద కనబడి ఉండాలి. చివర్లో హఠాత్తుగా ప్రత్యక్షమైతే అది అలంకారంగా మిగులుతుంది.

ముందు పనిని అడగడం, తరువాత ఆ వాక్యం చెప్పడం అనే క్రమాన్ని నేను కావాలనే ఎంచుకున్నాను. అన్నింటికంటే చివర విన్నది ఎక్కువసేపు చెవిలో నిలుస్తుంది, వాక్యం గుర్తుకు వచ్చినప్పుడల్లా దానికి ముందున్న పని కూడా వెంట వస్తుంది. రెండింటినీ ఒకే మాటలో కలపగలిగినవారూ ఉన్నారు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ప్రసంగ కళ మీద రాసిన గ్రంథం, ముగింపు ఎలా ఉండాలో చెబుతూ, నాలుగే నాలుగు గ్రీకు మాటల ఉదాహరణతో ముగుస్తుంది: నేను చెప్పాను, మీరు విన్నారు, విషయం మీ చేతిలో ఉంది, తీర్పు చెప్పండి. మాటను మాటతో కలిపే అవ్యయం ఒక్కటి కూడా లేకపోవడం, చివరి మాట శ్రోతలు చేయవలసిన పనే కావడం గమనించండి.

తెలుగులో మాట్లాడేవారు ఇంకొక సంగతి కనిపెట్టుకుని ఉండాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అలవాటు కొద్దీ మన గొంతు కూడా వాక్యం చివరకు వచ్చేసరికి తగ్గిపోతుంది. అప్పుడు "గ్లాసు" వినబడి "పెట్టండి" వినబడదు, అంటే మీరు అడిగిన పనే గాలిలో కలిసిపోతుంది. సాధన చేసేటప్పుడు ఒకరిని గదిలో చివరి వరుసలో కూర్చోబెట్టి, చివరి క్రియ వినబడిందా అని అడగండి. మరునాడు అదే మనిషిని ఏం చేయమన్నానని అడగండి. "నీటి గురించి ఏదో చెప్పావు" అన్న జవాబు వస్తే, లోపం వారి జ్ఞాపకంలో కాదు, మీరు అడిగిన తీరులో ఉంది.

ధన్యవాదాలు చెప్పవలసి వస్తే ప్రసంగం మొదట్లోనే చెప్పేయండి. "చివరగా" అన్న మాట ఒక్కసారికి మించి వాడకండి, ఎందుకంటే రెండోసారి విన్నవారు మిమ్మల్ని నమ్మడం మానేస్తారు. ప్రసంగం తరువాత ప్రశ్నలు ఉంటే మీ ముగింపు వాటి కింద పడి నలిగిపోతుంది కనుక, ఆఖరి ప్రశ్నకు జవాబిచ్చిన వెంటనే గ్లాసును మళ్ళీ ఎత్తి, పనిని ఒకసారి, వాక్యాన్ని ఒకసారి చెప్పి, మరేమీ కలపకుండా వెళ్ళి కూర్చోండి.

ఇట్లు,
మీ తాతయ్య