గ్రోత్ ఉంటే పీఈ ఎంతైనా పెట్టొచ్చా?

పోయిన వారం రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చి ఫోనులో వాట్సాప్ మెసేజ్ చూపించారు. "అమ్మకాలు ఏటా 20 శాతం పెరుగుతున్నాయి, పీఈ 70 అయినా చవకే" అని ఉంది. పీఈ అంటే షేరు ధర, షేరుకు వచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే లెక్క. గ్రాట్యుటీలో కొంత అప్పటికే అందులో పెట్టేశారు. షేరు పడుతుంటే ఆయనకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఇలాంటి మెసేజ్‌లు పంపేవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: గ్రోత్ ఉంటే ఎంత పీఈ అయినా సమంజసమే.

వాస్తవం: గ్రోత్ ఊరికే రాదు. పంచాల్సిన లాభాన్ని ఆపుకుని వ్యాపారంలో పెడితేనే వస్తుంది. కింది లెక్కలో payout అంటే లాభంలో పంచే వాటా, r మనం ఆశించే రాబడి, g ఏటా పెరిగే శాతం, ROE అంటే వాటాదారుల సొమ్ము మీద కంపెనీ సంపాదించే శాతం.

```
P/E = payout / (r − g)
g = ROE × (1 − payout)
```

మనం ఆశించే రాబడి 12 శాతం, వచ్చే ఏడాది షేరుకు లాభం 12 రూపాయలు అనుకుందాం. ROE కూడా 12 శాతమే అయితే, 8 శాతం పెరగడానికి కంపెనీ 8 రూపాయలు ఆపుకోవాలి. చేతికొచ్చేది 4. దాన్ని r లోంచి g పోగా మిగిలే 4 శాతంతో భాగిస్తే ధర 100. అసలేమీ పెరగకుండా 12 రూపాయలూ పంచేసినా ధర 100 రూపాయలే! రెండు చోట్లా పీఈ 8.3.

అదే ROE 24 శాతం ఉంటే, ఆ 8 శాతం గ్రోత్‌కి 4 రూపాయలు ఆపితే చాలు. ధర 200 అవుతుంది. ROE 10 శాతమే అయితే 9.60 ఆపాలి, ధర 60కి పడిపోతుంది. అంటే అక్కడ పెరిగేకొద్దీ నష్టమే. పీఈని పెంచేది గ్రోత్ కాదు, ఆపుకున్న రూపాయి మీద మనం ఆశించిన దానికంటే ఎక్కువ సంపాదించడం.

ఇక 70 పీఈ సంగతి. లాభంలో 70 శాతం పంచే కంపెనీకి ఆ పీఈ సరిపోవాలంటే g ఎప్పటికీ 11 శాతం, ROE దాదాపు 37 శాతం ఉండాలి. అదే ROE మీద g 10కి తగ్గితే, పీఈ 36 దగ్గరికి వస్తుంది. కుంభకోణం ఏదీ లేకుండానే షేరు సగమవుతుంది. కొన్నేళ్లు వేగంగా పెరిగే కంపెనీకి ఆ ఏళ్లను విడిగా లెక్కకట్టాలి, నిజమే. కానీ ఆ తర్వాతి ఏళ్లకు ఈ లెక్కే వర్తిస్తుంది.

అపోహ: పీఈ తక్కువుంటే చవక. స్టీలు, చక్కెర కంపెనీల లాభాలు శిఖరాన ఉన్నప్పుడే పీఈ 5, 6 కనబడుతుంది. లాభం పడగానే అదే ధర ఖరీదవుతుంది.

అపోహ: ROE ఎక్కువుంటే చాలు. అప్పుతో పెంచిన ROE అయితే రిస్కు పెరుగుతుంది, దాంతో r కూడా పెరుగుతుంది.

మాస్టారితో కూర్చుని ఆ కంపెనీ ఐదేళ్ల వార్షిక నివేదికలు తిరగేశాం. ROE ఏ ఏడాదీ 10 దాటలేదు. మధ్యలో రెండుసార్లు కొత్త షేర్లు అమ్మి డబ్బు తెచ్చారు. "అయితే ఆ గ్రోత్ మా డబ్బుతోనేనన్నమాట" అన్నారాయన. అవునండీ అన్నాను.