ఇంటి వ్యాపారంలో చేసినోళ్ల రెజ్యూమె: అపోహలు - వాస్తవాలు

రెజ్యూమెలు రాసిపెట్టడం నా పని. "మాది సొంత ఏజెన్సీ అన్నా, డిజిగ్నేషన్ అంటూ ఏం లేదు" అని ఈ మధ్య ఒక తమ్ముడు వచ్చాడు, వాళ్లది మందుల హోల్‌సేల్, ఆరేళ్లు నాన్నతో పాటు చేసి ఇప్పుడు ఫార్మా కంపెనీలో డిస్ట్రిబ్యూషన్ జాబ్‌కి ట్రై చేస్తున్నాడు. తన కేసు మీదే చెప్తా.

అపోహ: డైరెక్టర్ అని పెట్టుకుంటే విలువ ఉంటుంది.

వాస్తవం: వాళ్లది నాన్న పేరు మీదున్న ప్రొప్రయిటర్‌షిప్, అందులో డైరెక్టర్ పోస్టే ఉండదు. జీఎస్టీ నంబర్ కొడితే చాలు, ఓనర్ పేరు, అది ఏ రకం సంస్థ అన్నది పోర్టల్లో ఎవరికైనా కనిపిస్తుంది. అందుకే "సేల్స్, వసూళ్లు, స్టాక్ (కుటుంబ సంస్థ)" అని చేసిన పని పేరే పెట్టాం.

అపోహ: "అన్నీ నేనే చూసుకునేవాణ్ణి" అంటే అనుభవం తెలిసిపోతుంది.

వాస్తవం: ఆ మాట చదివినోళ్లకి, నాన్న చేశాడు, ఇతను పక్కన కూర్చున్నాడు అనిపిస్తుంది. నేనడిగింది ఒకటే, నాన్నని అడక్కుండా నువ్వు తీసుకున్న నిర్ణయం ఏంటి అని. కాసేపు ఆలోచించి, పాత బిల్లు కట్టని షాపుకి మూడో బిల్లు వెయ్యడం ఆపేశానన్నా అన్నాడు. అదే దొరికింది! బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచి బాకీల లిస్టు రోజుల వారీగా తీయించా, 160 షాపుల్లో 45 రోజులు దాటిన బాకీ 9 లక్షలు ఉండేది, 14 నెలల్లో 4 లక్షలకి దిగింది. రెజ్యూమెలో అదే మొదటి లైన్. ఈ లిస్టు బయటికి చూపించాలంటే నాన్న ఒప్పుకోవాలి, షాపుల పేర్లు కొట్టేయాలి. కంపెనీల ఏజెన్సీలు తెచ్చింది మాత్రం నాన్నే, అవి తన ఖాతాలో వెయ్యనివ్వలేదు, ఎందుకంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. బాకీల సంగతి అలా కాదు, ఏ షాపు గొడవ పడింది, నాన్న స్నేహితుడి షాపుకి సరుకు ఆపినప్పుడు ఇంట్లో ఏమైంది, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలడు.

అపోహ: నాన్న లెటర్‌హెడ్ మీద ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: ఇవ్వండి, కానీ సొంత మనిషి సంతకం ఒక్కదాన్నే వెరిఫికేషన్ వాళ్లు పెద్దగా లెక్కపెట్టరు. తోడుగా జీఎస్టీ సర్టిఫికెట్, ఆడిటర్ లెటర్, ఇన్నేళ్లూ తనతో డీల్ చేసిన కంపెనీ ఏరియా మేనేజర్ ఫోన్ నంబర్ (ఆయన్ని ముందే అడిగి) పెట్టాం. ఇంకోటి, హోల్‌సేల్ డ్రగ్ లైసెన్స్‌లో, మందుల అమ్మకాలు దగ్గరుండి చూసే కాంపిటెంట్ పర్సన్‌గా తమ్ముడి పేరే ఉంది, ఆ కాగితం విలువ వాళ్లింట్లో ఎవరికీ తట్టలేదు.

పాత తేదీలతో పేస్లిప్పులు మాత్రం చేయించొద్దు, బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగిన రోజు ఆఫర్ పోతుంది. జీతం తీసుకోలేదు, ఇంటి ఖర్చుకి తీసుకునేవాణ్ణి అని ఉన్నదున్నట్టు చెప్పమన్నా. ఇంకో ఏడాది ఆగగలిగే వాళ్లయితే ఈ నెల నుంచే జీతం బ్యాంకులో వేయించుకుని రిటర్న్ ఫైల్ చేసుకోండి.