ఢిల్లీ ఇనుప స్తంభాన్ని కాపాడుతున్నది దాని తుప్పే

ఢిల్లీలో కుతుబ్ మినార్ పక్కన, కువ్వతుల్ ఇస్లాం మసీదు ప్రాంగణంలో ఉన్న ఇనుప స్తంభం గురించి స్కూల్లో అందరం ఒకే మాట చదువుకున్నాం: పదహారు వందల ఏళ్లుగా ఎండకు ఎండి వానకు తడిసినా తుప్పు పట్టలేదని. ఆ మాటలో సగమే నిజం. దగ్గర నుంచి చూస్తే స్తంభం ముదురు గోధుమ రంగులో, అక్కడక్కడ పసుపు జీరతో కనిపిస్తుంది. ఆ రంగు ఇనుముది కాదు, తుప్పుది. స్తంభానికి తుప్పు పట్టింది. పట్టి, ఆగిపోయింది. అడగాల్సింది ఎందుకు పట్టలేదని కాదు, ఎందుకు ఆగిందని.

స్తంభం ఎత్తు 7.2 మీటర్లు, బరువు ఆరు టన్నుల పైమాటే. అడుగున 42 సెంటీమీటర్ల మందం, పైకి వెళ్లేసరికి 30కి సన్నబడుతుంది. దాని మీద గుప్తుల కాలపు బ్రాహ్మీ లిపిలో ఒక సంస్కృత శాసనం ఉంది. అందులో చెప్పిన ‘చంద్ర’ అనే రాజు రెండవ చంద్రగుప్తుడేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. అంటే ఇది క్రీ.శ. 400 ప్రాంతంలో తయారైంది. మొదట నిలబెట్టింది ఢిల్లీలో కాదు, మధ్యప్రదేశ్‌లోని విదిశ దగ్గరి ఉదయగిరిలో అని ఒక బలమైన వాదన ఉంది.

ముందు మామూలు ఇనుము సంగతి చూద్దాం. వాన తగిలే కిటికీ ఊచకు రంగు ఊడిపోతే అక్కడ నీళ్లు, గాలి కలిసి ఇనుమును తుప్పుగా మారుస్తాయి. ఆ తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి ఉబ్బుతుంది, పగులుతుంది, పొరలుగా రాలిపోతుంది. దాని నిండా సన్నటి రంధ్రాలే. వాటిలో తేమ నిలుస్తుంది, లోపలికి దిగుతుంది, కింద ఉన్న కొత్త ఇనుమును పట్టుకుంటుంది. రాగి, అల్యూమినియం మీద ఏర్పడే పొర అలా కాదు, గట్టిగా అంటుకుని లోపలి లోహానికి గాలి తగలనివ్వదు. మామూలు ఇనుముకు ఆ భాగ్యం లేదు. ఢిల్లీ స్తంభానికి మాత్రం ఎలాగో దక్కింది.

చాలాకాలం దీనికి చెప్పిన కారణం స్వచ్ఛత. బ్రిటిష్ లోహ శాస్త్రవేత్త రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ 1912లో స్తంభం నుంచి తీసిన చిన్న ముక్కను పరీక్షిస్తే 99.72 శాతం ఇనుమే అని తేలింది. ఇంకేం, అంత స్వచ్ఛమైన ఇనుముకు తుప్పెలా పడుతుంది అన్నారు. కానీ స్వచ్ఛమైన ఇనుమూ తడిగాలిలో తుప్పు పడుతుంది. అసలు విషయం మిగతా ఆ కాస్త భాగంలో ఉంది. అందులో భాస్వరం 0.114 శాతం అని హ్యాడ్‌ఫీల్డ్ లెక్కలోనే ఉంది. తర్వాత వేర్వేరు ముక్కల మీద చేసిన పరీక్షల సగటు దాదాపు 0.25 శాతం. ఇవాళ మనం ఇళ్లకూ వంతెనలకూ వాడే ఉక్కులో భాస్వరం 0.05 శాతం దాటకుండా చూసుకుంటారు. ఎందుకంటే భాస్వరం ఎక్కువైన ఇనుము చలికి పెళుసుబారుతుంది, దెబ్బ తగిలితే విరుగుతుంది. కట్టడాలు కట్టేవాళ్లకు భాస్వరం ఒక పీడ.

మరి ఆనాటి పనివాళ్లు దాన్ని ఎందుకు ఉంచుకున్నారు? కావాలని ఉంచారనడానికి ఆధారం లేదు. తీసేసే పద్ధతి వాళ్ల దగ్గర లేదు, అంతే. అప్పటి కొలిమి మనిషి ఎత్తుకు అటూ ఇటూగా ఉండే మట్టి బట్టీ. అందులో ఇనుప రాయిని కర్రబొగ్గుతో కాలుస్తారు, తిత్తులతో గాలి ఊదుతారు. ఆ వేడికి ఇనుము కరగదు. మెత్తబడి, రాయిలోని మలినాలు కరిగి ఏర్పడే చిట్టెంతో కలిసి స్పాంజి లాంటి ముద్దగా అడుగున చేరుతుంది. నేటి ఉక్కు తయారీలో సున్నం కలిపితే భాస్వరం చిట్టెంలోకి వెళ్లిపోతుంది. ఆ బట్టీల్లో సున్నం కలిపేవాళ్లు కాదు, కాబట్టి రాయిలోని భాస్వరంలో చాలా భాగం ఇనుములోనే ఉండిపోయింది. కర్రబొగ్గు వాడడం వల్ల గంధకం మాత్రం దాదాపు చేరలేదు. తుప్పును పెంచే గంధకం లేకపోవడం కూడా కలిసొచ్చింది.

ఆ ముద్దలు ఒక్కొక్కటి 20 నుంచి 30 కిలోలు ఉండి ఉంటాయని అంచనా. వాటిని ఎర్రగా కాల్చి, సమ్మెటలతో కొట్టి, ఒకదానికొకటి అతికిస్తూ ఆరు టన్నుల స్తంభం చేశారు. అంటే ఇది పోత పోసింది కాదు, అతుకులేసి కొట్టింది. కొట్టినప్పుడు చిట్టెం చాలావరకు బయటికి చిమ్ముతుంది గానీ అంతా పోదు. సన్నటి తునకలుగా ఇనుము లోపల ఇరుక్కుపోతుంది. నేటి నాణ్యతా పరీక్షల్లో ఈ స్తంభం ఫెయిలవుతుంది: భాస్వరం ఎక్కువ, చిట్టెం ఎక్కువ, ఒకచోట ఉన్న కూర్పు ఇంకోచోట లేదు. దాన్ని కాపాడిన లక్షణాల్లో రెండు ఈ జాబితాలోనే ఉన్నాయి.

అదెలాగో వివరించింది ఐఐటీ కాన్పూర్ లోహ శాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణ్యం. జనం చేతులు తగలని చోటి నుంచి గీకిన కొద్దిపాటి తుప్పును ఎక్స్‌రేలతో, ఇంకా సూక్ష్మమైన పరీక్షలతో పరిశీలించి 2000లో ఆయన ఫలితాలు ప్రచురించారు. ఆయన చెప్పిన క్రమాన్ని ఒక మంచు బొట్టుతో పాటు వెళ్లి చూద్దాం.

స్తంభం కొత్తగా ఉన్న రోజుల్లో రాత్రి మంచు దాని మీద పలచగా కమ్ముకుంది. ఆ తడిలో ఇనుము కొంచెం కరిగి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మామూలు తుప్పే అయింది. చిట్టెం తునకలు పక్కనే ఉన్న ఇనుమును ఇంకాస్త తొందరగా కరిగించాయి. అంటే తొలినాళ్లలో ఈ స్తంభం మంచి ఉక్కు కంటే వేగంగానే తుప్పు పట్టి ఉండాలి. ఇనుము కరిగిపోతున్న కొద్దీ దానిలోని భాస్వరం లోహానికీ తుప్పుకీ మధ్య సరిహద్దులో పోగవుతూ వచ్చింది. పొద్దెక్కి తడి ఆరింది. మళ్లీ రాత్రి తడి, మళ్లీ ఆరుదల. ఇలా కొన్నాళ్లకు ఆ సరిహద్దులో భాస్వరం తగినంత చేరాక రెండు మార్పులు జరిగాయి. ఒకటి, తుప్పు రకం మారింది: లోహాన్ని ఆనుకుని, రంధ్రాలు తక్కువగా ఉండే, స్ఫటిక రూపం లేని ఒక ప్రత్యేకమైన తుప్పు పొర కట్టింది. దాని పేరు మిసవైట్. రెండు, భాస్వరం తేమతో కలిసి ఫాస్ఫారిక్ ఆమ్లంగా మారి, అది ఇనుముతో చర్య జరిపి ఐరన్ ఫాస్ఫేట్ అయింది. తడి ఆరే ప్రతిసారీ ఆ ఫాస్ఫేట్ కొంత స్ఫటికంగా బిగుసుకుంది, మిగిలిన రంధ్రాలను పూడ్చింది. దెబ్బ మీద కట్టిన పక్కులా ఆ పొర లోపలి ఇనుమును కప్పేసింది. నీళ్లకూ ఆక్సిజన్‌కూ లోపలికి దారి దాదాపు మూసుకుపోయింది. పదహారు శతాబ్దాల తర్వాత కూడా ఆ పొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతే.

అయితే ఈ కథలో ఢిల్లీ వాతావరణానికీ వాటా ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. గాలిలో తేమ 70 శాతం దాటితేనే ఇనుము చురుగ్గా తుప్పు పడుతుంది. ఢిల్లీలో వానాకాలం వదిలేస్తే గాలి చాలావరకు పొడిగానే ఉంటుంది. హడ్సన్ అనే శాస్త్రవేత్త మామూలు ఉక్కు, జింకు ముక్కలను స్తంభం దగ్గర పెట్టి చూశాడు. 1953లో ‘నేచర్’ పత్రికలో రాసిన దాని ప్రకారం అవి కూడా అక్కడ చాలా నెమ్మదిగానే తుప్పు పట్టాయి. అందుకని కొందరు స్తంభం గొప్పతనమేమీ లేదు, గాలి గొప్పతనమే అన్నారు. నాకైతే అది అతిగా లాగిన వాదన అనిపిస్తుంది. పొడిగాలి తుప్పును నెమ్మది చేస్తుంది, అంతవరకే. వందల ఏళ్ల పాటు పొర రాలకుండా నిలబడడానికి పొరలోనే ఏదో ఉండాలి. కాకపోతే ఆ పొర బిగుసుకోవాలంటే తడి ఆరాలి, ఆరడానికి ఢిల్లీ ఎండ కావాలి. భాస్వరమూ ఎండా రెండూ ఉండాల్సిందే.

దీనికి సాక్ష్యం ఆ స్తంభంలోనే ఉంది. దాదాపు మీటరు భాగం నేలలో పాతి ఉంది. అదే ఇనుము, అదే భాస్వరం. కానీ మట్టిలో తడి ఎప్పటికీ పూర్తిగా ఆరదు, పైగా లవణాలు ఉంటాయి. 1961లో తవ్వి తీసినప్పుడు ఆ భాగమంతా తుప్పు పట్టి, గుంటలు పడి కనిపించింది. శుభ్రం చేసి, సీసపు రేకు చుట్టి మళ్లీ నిలబెట్టారు.

పైభాగంలోనూ ఒకచోట పొర దెబ్బతింది. స్తంభానికి వీపు ఆనించి చేతులు వెనక్కి పెట్టి రెండు చేతులూ కలిపితే అదృష్టం అని ఒక నమ్మకం. తరతరాలుగా జనం అలా వాటేసుకుంటూ వచ్చారు. చెమట, రాపిడి కలిసి ఆ ఎత్తులో పొరను అరగదీశాయి. అక్కడ ఒక పట్టీలా నున్నగా, మిగతా స్తంభానికి వేరే రంగులో కనిపిస్తుంది. 1997లో చుట్టూ కంచె వేశారు. అరిగిన చోట పొర మళ్లీ కట్టాల్సిందే, దాన్ని ముట్టుకోకుండా ఉండడం తప్ప మనం చేయగలిగింది లేదు.

మన దగ్గర ఈ స్తంభాన్నీ నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కునూ ఒకే ఊపులో పొగిడేస్తుంటారు. రెండూ వేరు. కోనసముద్రంలో మూసల్లో తయారైంది కార్బన్ బాగా ఎక్కువ ఉన్న ఉక్కు, డమాస్కస్ కత్తుల కోసం వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చిన సరుకు. పదును దాని గుణం. తుప్పు విషయంలో దానికి ప్రత్యేక రక్షణ ఏమీ లేదు, నూనె రాసి దాచుకోవాల్సిందే. ఢిల్లీ స్తంభంలో కార్బన్ చాలా తక్కువ, కత్తికి పనికిరాదు.

స్తంభానికి దగ్గరి బంధువు కావాలంటే అమెరికా వైపు చూడాలి. 1933లో అక్కడ కార్-టెన్ అనే ఉక్కు మార్కెట్లోకి వచ్చింది. అందులో రాగి, క్రోమియంతో పాటు భాస్వరాన్ని కావాలనే 0.1 శాతం చుట్టుపక్కల ఉంచారు. రంగు వేయనక్కర్లేదు, ముందు గోధుమ రంగు తుప్పు పడుతుంది, ఆ తుప్పే పొరగా బిగుసుకుని ఆగిపోతుంది. ఢిల్లీలో ఎవరూ అనుకోకుండా జరిగింది ఇక్కడ లెక్క వేసి చేశారు. వంతెనలకు, రైలు బోగీలకు అది బాగా పనికొచ్చింది. ఆ ధైర్యంతో 1972లో అట్లాంటాలో ఓమ్ని అనే ఇండోర్ స్టేడియం, 1975లో హొనొలులులో అలోహా స్టేడియం దాంతోనే కట్టారు. అట్లాంటాలో గాలి నిండా తేమ, హొనొలులులో సముద్రపు ఉప్పు. రెండుచోట్లా పొర బిగుసుకోలేదు, తుప్పు ఆగలేదు. ఓమ్నిని పాతికేళ్లకే, 1997లో కూల్చేశారు.