క్యాప్సూల్‌లో ఏముందో తెలియనప్పుడు: మైక్రోడోసింగ్‌పై జరిగిన పరీక్షలు

ఎల్‌ఎస్‌డి అనే మత్తుపదార్థం చాలా కొద్ది మోతాదులోనే మనిషి మనసును పూర్తిగా మార్చివేయగలదు. దానిని కనుగొన్న స్విస్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1943లో కావాలని తనమీద తానే పరీక్షించుకున్నప్పుడు తీసుకున్నది గ్రాములో నాలుగువేలవ వంతు, అంటే 250 మైక్రోగ్రాములు మాత్రమే. భ్రాంతులు, కాలం స్తంభించినట్టు అనిపించడం, తీవ్రమైన భయం లేదా ఆనందం వంటి అనుభవాలు సాధారణంగా 100 మైక్రోగ్రాములు దాటినప్పుడు స్పష్టంగా వస్తాయి. ఇందులో పదోవంతో ఇరవయ్యోవంతో, అంటే భ్రాంతులు కలగనంత తక్కువగా, వారానికి రెండు మూడుసార్లు తీసుకుంటూ రోజువారీ పనులు చేసుకోవడాన్నే మైక్రోడోసింగ్ అంటున్నారు. ఎల్‌ఎస్‌డి బదులు, సైలోసైబిన్ అనే భ్రాంతికారక పదార్థం ఉండే పుట్టగొడుగులను ఇదే పద్ధతిలో వాడేవారూ ఉన్నారు.

ఒకరోజు తీసుకుని రెండురోజులు మానాలన్న నియమాన్ని ప్రచారంలోకి తెచ్చినవారు అమెరికన్ మనస్తత్వ పరిశోధకుడు జేమ్స్ ఫాడిమన్. ఆయన 2011లో వెలువరించిన పుస్తకం తర్వాత ఈ అలవాటు కాలిఫోర్నియాలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మధ్య పాకింది. మనవాళ్లు ఎందరో పనిచేసే ఆ సిలికాన్ వ్యాలీ నుంచే ఈ మాట మన పట్టణాలకూ చేరింది. ఏకాగ్రత పెరుగుతుందని, కొత్త ఆలోచనలు తడతాయని, దిగులు, ఆందోళన తగ్గుతాయని వాడినవారు చెబుతారు. వారు అబద్ధం చెబుతున్నారని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. వారికి నిజంగానే మేలు కలిగినట్టు అనిపించింది. ఆ మేలు చేసింది క్యాప్సూల్‌లోని పదార్థమా, లేక దానిని మింగుతున్నప్పుడు మనసులో ఉన్న నమ్మకమా అన్నదే తేలవలసిన విషయం.

ఈ రెంటినీ విడదీయడానికి వైద్యశాస్త్రం దగ్గర ఉన్న సాధనం ప్లసీబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది అందిందో వారికీ, వారిని పరిశీలించేవారికీ తెలియకుండా ఉంచుతారు. అయితే చాలా దేశాలలో నిషేధం ఉన్న పదార్థంతో ఇలాంటి పరీక్ష జరపాలంటే అనుమతులకే ఏళ్లు పడుతుంది, ఖర్చు కూడా విపరీతంగా అవుతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో బలాజ్ సిగెటి బృందం దీనికి కనిపెట్టిన ఉపాయం ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన పరిశోధన. దాని ఫలితాలు 2021లో వెలువడ్డాయి.

ఆ బృందం ఎవరికీ మందు ఇవ్వలేదు. ఎలాగూ మైక్రోడోసింగ్ చేయదలచుకున్నవారినే పిలిచి, తమకు తామే గంతలు కట్టుకునే పద్ధతి నేర్పింది. పాల్గొన్నవారు తమ దగ్గరున్న పదార్థాన్ని బయటికి కనిపించని క్యాప్సూళ్లలో పెట్టుకోవాలి, అచ్చం అలాంటివే ఖాళీ క్యాప్సూళ్లు కూడా తయారుచేసుకోవాలి. వాటిని వారాలవారీగా కవర్లలో సర్ది, ఒక్కో కవరుకు ఒక క్యూఆర్ కోడ్ జోడించి, కవర్లన్నీ కలిపేసి కొన్నిటిని తీసుకోవాలి. ఏ కోడ్ వెనుక ఏముందో పరిశోధకుల కంప్యూటర్‌కు తెలుస్తుంది, మింగే మనిషికి మాత్రం తెలియదు. ఆ తర్వాత నాలుగు వారాలు క్యాప్సూళ్లు వేసుకుంటూ, మానసిక స్థితికి సంబంధించిన ప్రశ్నావళులు నింపాలి. ఆ రోజు మింగినది అసలుదా, ఖాళీదా అన్న తమ ఊహను కూడా రాయాలి. ఈ చివరి ప్రశ్నే మొత్తం పరిశోధనకు ఆయువుపట్టు అయింది.

చివరివరకూ నిలిచినవారు 191 మంది. కొందరికి నాలుగు వారాలూ అసలు పదార్థం పడింది, కొందరికి నాలుగు వారాలూ ఖాళీ క్యాప్సూళ్లే పడ్డాయి, మిగిలినవారికి సగం సగం వచ్చాయి. నెల తిరిగేసరికి అసలు పదార్థం తీసుకున్నవారిలో మానసిక స్వస్థత, జీవితం పట్ల తృప్తి పెరిగాయి. వాడుకరులు చెబుతూ వచ్చినది అంతవరకూ నిజమే. కానీ ఖాళీ క్యాప్సూళ్లు మింగినవారిలో కూడా ఇంచుమించు అంతే పెరిగాయి, రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరీక్ష ముగిశాక అసలు సంగతి తెలిసినప్పుడు, తాము నెలంతా మింగినవి ఖాళీవేనంటే నమ్మలేక, మిగిలిపోయిన కవర్లు విప్పి చూసుకుని ఆశ్చర్యపోయామని రాసినవారు ఉన్నారు.

నెల మొత్తానికి తేడా లేకపోయినా, క్యాప్సూల్ మింగిన కొద్ది గంటలలో మాత్రం అసలు పదార్థం వల్ల ఉత్సాహం కాస్త ఎక్కువగా కనిపించింది. దీని సంగతి చూడడానికి పరిశోధకులు సమాధానాలను నాలుగుగా విడదీశారు: అసలుది మింగి అసలుదే అనుకున్నవారు, అసలుది మింగి ఖాళీది అనుకున్నవారు, ఖాళీది మింగి అసలుది అనుకున్నవారు, ఖాళీది మింగి ఖాళీదే అనుకున్నవారు. వీరిలో ఖాళీది మింగి అసలుది అనుకున్నవారి మార్కులు, అసలుది మింగి ఖాళీది అనుకున్నవారి మార్కులకంటే మెరుగ్గా ఉన్నాయి. అంటే ఆ పూట మనసు ఎలా ఉందో చెప్పడానికి, ఏం మింగారన్న దానికన్నా ఏం మింగామని అనుకున్నారన్నదే ఎక్కువ పనికివచ్చింది. ఊహ ప్రభావాన్ని లెక్కనుంచి తీసివేయగానే ఆ చిన్న తేడా కూడా కరిగిపోయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దానిని దాటవేయడం న్యాయం కాదు. చాలామంది తమ క్యాప్సూల్ ఏదో సరిగ్గానే పసిగట్టారు. పదార్థం నిజంగా ఒంట్లో ఏదో చేస్తేనే అలా పసిగట్టడం సాధ్యమవుతుంది. కండరాలు బిగుసుకోవడం, కడుపులో ఇబ్బంది, వెలుతురు కొంచెం తీవ్రంగా అనిపించడం వంటి చిన్న సూచన దొరికితే చాలు, మనిషికి గంతలు ఊడిపోతాయి. అక్కడినుంచి, ఎదురుచూసిన మేలు తనంతట తానే కనబడడం మొదలవుతుంది. అలాకాక, ముందు పదార్థమే మేలు చేసి, ఆ మేలును చూసే మనిషి సరిగ్గా ఊహించి ఉండవచ్చు కూడా. ఈ రెండు దారులలో ఏది నిజమో ఆ పరీక్ష ఒక్కటే తేల్చలేదు. పైగా ఎవరి పదార్థం వారు తెచ్చుకున్నారు కనుక, అందులో నిజంగా ఎంత ఎల్‌ఎస్‌డి ఉందో కొలిచినవారు లేరు.

మోతాదు కచ్చితంగా తెలిసిన ప్రయోగశాల పరీక్షలు ఈ లోటును కొంత తీర్చాయి. షికాగో విశ్వవిద్యాలయంలో హ్యారియెట్ డి విట్ బృందం 56 మందికి మూడు నాలుగు రోజుల ఎడంతో నాలుగుసార్లు 13 లేదా 26 మైక్రోగ్రాముల ఎల్‌ఎస్‌డి గానీ, ప్లసీబో గానీ ఇచ్చింది. ఆశలు రేకెత్తకుండా ఉండడానికి, మీకు ఇచ్చేది ఉత్తేజకమో, మత్తునిచ్చేదో, భ్రాంతికారకమో, ఉత్తుత్తి మాత్రో కావచ్చని మాత్రమే చెప్పింది. ఎక్కువ మోతాదు తీసుకున్నవారికి మొదట్లో కొంత ప్రభావం తెలిసింది, పదేపదే ఇస్తే అదీ పలచబడింది. మానసిక స్థితి గానీ, మేధోపరీక్షలలో పనితీరు గానీ మెరుగుపడలేదు.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ పరిశోధన కొంత భిన్నమైన సంగతి చెప్పింది. అక్కడ ఆరోగ్యవంతులైన 80 మంది పురుషులు ఆరు వారాలపాటు ప్రతి మూడోరోజు 10 మైక్రోగ్రాముల ఎల్‌ఎస్‌డి గానీ, ప్లసీబో గానీ తీసుకున్నారు. మందు వేసుకున్న రోజున తమలో శక్తి, సంతోషం, సృజనాత్మకత ఎక్కువగా ఉన్నట్టు ఎల్‌ఎస్‌డి గుంపువారు చెప్పారు. ముందున్న ఆశలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ తేడా కొంతవరకు నిలిచింది. కానీ మర్నాటికే అది కనుమరుగైంది, ఆరు వారాల తర్వాత ఏ శాశ్వతమైన మార్పూ కనిపించలేదు. ఎల్‌ఎస్‌డి గుంపులో నలుగురు ఆందోళన వల్ల మధ్యలోనే తప్పుకున్నారు. ఆందోళన తగ్గించుకోవడానికి దీనిని వెతికేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదేనని నా అభిప్రాయం.

రోగులమీద జరిగిన గట్టి పరీక్షలు చాలా తక్కువ. ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ సమస్య ఉన్న 53 మంది పెద్దలకు స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్‌లలో వారానికి రెండుసార్లు 20 మైక్రోగ్రాముల చొప్పున ఆరు వారాలు ఎల్‌ఎస్‌డి గానీ, ప్లసీబో గానీ ఇచ్చిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. లక్షణాల తీవ్రతను కొలిచే స్కోరు ఎల్‌ఎస్‌డి గుంపులో 7.1 పాయింట్లు, ప్లసీబో గుంపులో 8.9 పాయింట్లు తగ్గింది. ప్లసీబో గుంపు లేకుండా ఈ పరీక్ష జరిగి ఉంటే, ఏడు పాయింట్ల ఉపశమనమంటూ అదొక విజయవార్తగా ఊరేగి ఉండేది. బాధ బాగా ముదిరినప్పుడే మనుషులు చికిత్స కోసం వస్తారు, ఆ తర్వాత కొంత దానంతట అదే తగ్గుతుంది, నమ్మకంతో మరికొంత తగ్గుతుంది. ఆ మొత్తాన్నీ మందు ఖాతాలో వేయకుండా ఆపగలిగింది ఉత్తుత్తి మాత్రే.

ఇంత జరిగినా తేలనివి ఉన్నాయి. దిగులు జబ్బు ఉన్నవారిలో ఫలితం ఎలా ఉంటుందో ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలు చెప్పలేవు. మానసికంగా బాగానే ఉన్నవారిలో మెరుగుపడడానికి ఉండే చోటే తక్కువ. మానసిక జబ్బులకు ఇచ్చే లిథియం వాడుతున్నవారు ఎల్‌ఎస్‌డి వంటి భ్రాంతికారకాలు తీసుకున్నప్పుడు మూర్ఛలు వచ్చినట్టు నివేదికలున్నాయి, తక్కువ మోతాదులో ఆ ప్రమాదం ఎంతో ఎవరూ కొలవలేదు. బయట దొరికే సరుకులో 10 మైక్రోగ్రాములు ఉన్నాయో, 60 ఉన్నాయో కంటికి తెలియదు. 10 మైక్రోగ్రాములంటే గ్రాములో లక్షో వంతు మరి. మన దేశంలో ఎల్‌ఎస్‌డి, సైలోసైబిన్ రెండూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి కాబట్టి, మోతాదు ఎంత చిన్నదైనా దగ్గర ఉంచుకోవడం నేరమే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది గుండె కవాటాల విషయం. ఎల్‌ఎస్‌డి, సైలోసైబిన్ ఒంట్లోకి వెళ్లాక సెరొటోనిన్ అనే రసాయనాన్ని అందుకోవడానికి కణాలమీద ఉన్న రకరకాల గ్రాహకాలకు అంటుకుంటాయి. వాటిలో 2బి అనే రకం గుండె కవాటాల కణాలమీద ఉంటుంది. దానిని నెలల తరబడి ప్రేరేపిస్తే కణాలు పెరిగి కవాటం రెక్కలు మందమవుతాయి, సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. బరువు తగ్గడానికి వాడిన ఫెన్‌ఫ్లురమైన్‌ను 1997లోను, పార్కిన్సన్స్ వ్యాధికి వాడిన పెర్గోలైడ్‌ను 2007లోను అమెరికా మార్కెట్ నుంచి తొలగించింది ఈ కారణంగానే. ఆ మందులను రోజూ వేసుకునేవారు, మైక్రోడోసింగ్‌లో పదార్థం తక్కువ, మధ్యలో విరామాలున్నాయి. కాబట్టి ప్రమాదం అసలే లేకపోవచ్చు. కానీ ఇప్పటి పరీక్షలు కొన్ని వారాలలో ముగిసిపోతున్నాయి, కవాటం మందమవడానికి నెలలు, ఏళ్లు పడుతుంది, తొలిదశలో మనిషికి ఏమీ తెలియదు. ఏళ్లుగా మైక్రోడోసింగ్ చేస్తున్నవారికి క్రమంగా ఎకోకార్డియోగ్రామ్‌లు తీసి, చేయనివారి గుండెలతో పోల్చి చూసే పెద్ద పరిశోధన జరిగితేగానీ దీనికి జవాబు దొరకదు.