పూతరేకులు చేసే వేళ్ళు ఎందుకు కరిగిపోతాయి?

కంప్యూటరు పుట్టించిన ఆత్రేయపురం పూతరేకుల వీడియో చూసి అమలాపురం పాఠకులొకరు మూడు సందేహాలు పంపారు. బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ పరిచే ఆవిడ వేళ్ళు అతుక్కుపోయి మళ్ళీ విడిపోతున్నాయి, ఎందుకని? పక్కనున్న గిన్నె అంచు ఎందుకు మిణుకుమంటోంది? రెండో షాటుకల్లా మనిషే ఎందుకు మారిపోయింది?

మొదటి రెండింటికీ ముఖ్యకారణం ఒకటే. దాన్ని అంకెలతో పట్టుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. వీడియోలు పుట్టించే, ఎవరైనా దించుకుని వాడుకోగల వాన్ 2.1 అనే ఏఐ మోడల్‌నే తీసుకుందాం. అది సెకనుకి 16 ఫ్రేముల చొప్పున మొత్తం 81 ఫ్రేములు, అంటే సుమారు అయిదు సెకన్ల వీడియో ఇస్తుంది. అన్ని పిక్సెళ్ళనీ నేరుగా గీయాలంటే యంత్రానికి చాలా బరువైన పని. అందుకని ముందు బొమ్మని గళ్ళుగా కుదిస్తారు. ఒక్కో గడిలో అడ్డం 8, నిలువు 8 పిక్సెళ్ళు, వరసగా 4 ఫ్రేములు ఇమిడిపోతాయి. మూడు రంగులూ కలిపి 768 అంకెలుండే చోట 16 అంకెలే మిగులుతాయి. మోడల్ గీసేది ఈ గళ్ళనే. వాటిని మళ్ళీ బొమ్మగా విప్పడం డీకోడర్ అనే మరో భాగం పని.

ఇప్పుడు కుండ దగ్గర కూర్చున్న మనిషి నిలువునా కనిపించే 1280×720 షాటు చూడండి. ఆవిడ చెయ్యి 48 పిక్సెళ్ళ వెడల్పు, అంతే ఎత్తు ఉందనుకుందాం. వేలు 8 పిక్సెళ్ళు, అంటే సరిగ్గా ఒక గడి. మోడల్ ఆ గళ్ళని కూడా నాలుగేసి చొప్పున మూటకట్టి చూస్తుంది కాబట్టి, చెయ్యి మొత్తానికీ దక్కేవి 9 మూటలు. ఫ్రేములో ఉన్నవి 3,600. మోడల్‌కి నేర్పేటప్పుడు అది చేసిన తప్పులన్నిటినీ సగటు తీసి లెక్కిస్తారు. వేళ్ళన్నీ తప్పినా ఆ సగటు కదిలేది అంతంతమాత్రం. వెనకున్న కొబ్బరితోట కాస్త మసకబారితే అంతకంటే పెద్ద తప్పు కింద లెక్క.

దీనికి కాలం కూడా తోడవుతుంది. గుడ్డ పరవడం ఒక్క విసురులో అయిపోయే పని. ఒక గడిలోని నాలుగు ఫ్రేములు పావు సెకను. ఆ పావు సెకనులో వేలు పది గళ్ళు దాటేస్తే, ఏ గడికీ ఆ వేలు పూర్తిగా చెందదు. గడిలో పట్టని దాన్ని డీకోడర్ ఊహించి పూరిస్తుంది. ఊహ గడిగడికీ మారితే కంటికి మిణుకుమన్నట్టు కనిపిస్తుంది. పూతరేకు పొరలాంటి పల్చటి వస్తువులకీ, గిన్నె అంచుకీ, చీర జరీకీ ఇదే గతి.

కావాలంటే పరీక్షించి చూడండి. ffmpeg అనే ప్రోగ్రాముతో వీడియోని బొమ్మలుగా విడదీయండి:

```
ffmpeg -i clip.mp4 f_%03d.png
```

వాన్‌లో మొదటి ఫ్రేము ఒక్కటే విడిగా ఉంటుంది. తర్వాత 2–5, 6–9, ఇలా నాలుగేసి ఒక జట్టు. గిన్నె అంచు 5కీ 6కీ మధ్య, 9కీ 10కీ మధ్య తరచు గెంతుతుంటే దోషం కుదింపులో ఉందన్నమాట. మోడల్ నుంచి నేరుగా వచ్చిన ఫైలుకే ఈ పరీక్ష పనికొస్తుంది. వాట్సాప్‌లో చేతులు మారిన వీడియోని మళ్ళీ కుదించేసి ఉంటారు కాబట్టి ఆనవాళ్ళు చెరిగిపోతాయి.

అన్నట్టు, ‘వేళ్ళు లెక్కపెట్టు, ఆరుంటే నకిలీ’ అనే సూత్రం బల్లిశాస్త్రంతో సమానం. పుట్టుకతో ఆరువేళ్ళున్నవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు. పైగా ఇప్పటి మోడళ్ళు నిలకడగా ఉన్న చేతికి అయిదు వేళ్ళే గీస్తున్నాయి. లెక్క కంటే కదలిక చూడటం మేలు: వేలు గుడ్డ వెనక్కి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు అదే వేలా?

ఇక మనిషి మారిపోవడం వేరే సంగతి. ఒక క్లిప్పులోని 81 ఫ్రేములూ ఒకేసారి, ఒకే రంగుల రొదలోంచి, అంటే అడ్డదిడ్డంగా చల్లినట్టుండే చుక్కల్లోంచి, కలిసి తేరుకుంటాయి. అందుకే క్లిప్పు లోపల ముఖం చాలావరకు నిలుస్తుంది. రెండో షాటు మాత్రం కొత్త రొదతో మొదలవుతుంది. ‘ఆకుపచ్చ చీర, నలభై ఏళ్ళ ఆవిడ’ అన్న వర్ణనకి సరిపోయేవాళ్ళు కోనసీమలో ఎంతమంది! వాళ్ళలో ఎవరో ఒకరు వస్తారు. పోనీ అంతా ఒకే క్లిప్పుగా తీద్దామా అంటే, ప్రతి మూటనీ మిగతా మూటలన్నిటితో పోల్చాలి. అయిదు సెకన్లకే 75,600 మూటలు. నిడివి రెట్టింపయితే ఈ పోలికలు నాలుగింతలవుతాయి.

అందుకని చాలామంది మొదటి క్లిప్పు చివరి ఫ్రేముని రెండోదానికి మొదటి ఫ్రేముగా ఇస్తారు. ఆ క్షణంలో ఆవిడ కుండవైపు తల వంచి ఉంటే, ముక్కుపుడక, నుదుటి బొట్టు ఆ ఫ్రేములో ఉండవు. తల ఎత్తగానే మోడల్ వాటిని కొత్తగా కల్పిస్తుంది. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు, నాలుగో క్లిప్పుకల్లా రంగులు కూడా ముదిరిపోతాయి. ముఖం నేరుగా, స్పష్టంగా ఉన్న ఒకే ఫోటోని ప్రతి షాటుకీ ఆధారంగా ఇవ్వడం దీనికంటే నయం. ఫోటో ఇచ్చి నడిపే మోడల్ దానికి వేరే కావాలి. చేతుల పని మాత్రం దగ్గరి షాటులో తియ్యాలి: వేలు 80 పిక్సెళ్ళ మందం ఉంటే దానికి అడ్డంగా పది గళ్ళు దక్కుతాయి, కణుపులూ గోళ్ళూ నిలుస్తాయి. అప్పటికీ విసురు వేగంగా ఉంటే వేళ్ళ చివర్లు అతుక్కుంటాయి. ఆ నాలుగు ఫ్రేముల జట్టు దగ్గరి షాటులోనూ మారదు మరి.